"సగం మిడ్ మంత్‌కి, మిగతాది మంత్ ఎండ్ లోపు" – కాశీబుగ్గ అట్టపెట్టెల బిల్లు కేసు

సరుకు కొనేవాళ్ళు ఇచ్చే పర్చేజ్ ఆర్డర్, అంటే పీఓలో పేమెంట్ టర్మ్స్ అన్న చోట ఉన్నది ఒక్కటే లైన్. "50 శాతం మిడ్ మంత్‌కి, బ్యాలెన్స్ మంత్ ఎండ్ లోపు." ఏ నెల మధ్యో లేదు, ఏ నెల ఆఖరో లేదు, ఆ నెల దేన్నిబట్టి లెక్కేయాలో అసలే లేదు. మా జిల్లాలో చిన్న యూనిట్ల పీఓలు చాలావరకు ఇలాగే ఉంటాయి, నేను శ్రీకాకుళంలో ఇలాంటి యూనిట్లకి అకౌంట్లు, జీఎస్టీ రిటర్న్‌లు చూస్తుంటా కాబట్టి ఈ లైన్ నాకు కొత్త కాదు. కానీ ఈ కేసులో ఒకే లైన్‌ని ఇద్దరు మంచి మనుషులు, ఎవరికీ ఎగ్గొట్టే ఉద్దేశం లేకుండా, సరిగ్గా నెల రోజుల తేడాతో చదువుకున్నారు. అందుకే పూర్తిగా రాస్తున్నా. పేర్లు చెప్పను.

సప్లయర్ కాశీబుగ్గలో భార్యాభర్తలు నడిపే చిన్న యూనిట్. కరగేటెడ్ అట్టపెట్టెలు చేస్తారు. క్రాఫ్ట్ పేపర్ రీళ్ళు విశాఖ నుంచి తెప్పించుకుంటారు. ఆయన మిషన్ దగ్గర, ఆవిడ బిల్లులు, బ్యాంకు, ఫోన్లు. కొనేవాళ్ళు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ, పప్పు ప్యాక్ చేసి పంపడానికి పెట్టెలు కావాలి.

పీఓ తారీకు 2025 జులై 21. సరుకు, బిల్లు రెండూ జులై 28 సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాయి. జీఎస్టీతో కలిపి మొత్తం రూ. 1,86,000, అంటే సగం 93,000. ఆవిడ లెక్క సూటిగా ఉంది. జులైలో ఇంక మూడు రోజులే మిగిలున్నాయి కాబట్టి నెల అంటే ఆగస్టే, మధ్య అంటే 15, ఆఖరు అంటే 31. ఆ లెక్క మీద రీళ్ళ వ్యాపారికి ఆగస్టు 18 తారీకు వేసి 80,000కి చెక్కు ఇచ్చేశారు, మూడు రోజులు చేతిలో ఉన్నాయి కదా అని.

2025 ఆగస్టు క్యాలెండర్ చూడండి. 15 శుక్రవారం, స్వాతంత్ర్య దినోత్సవం. 16 శనివారం కృష్ణాష్టమి, ఫ్యాక్టరీ ఆఫీసు తియ్యలేదు. 17 ఆదివారం. 14న ఆవిడ ఫోన్ చేస్తే అకౌంటెంట్ గారు "మిడ్ మంత్ బ్యాచ్‌లో పెట్టేశానమ్మా" అన్నారు, ఆవిడ నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది. 18 ఉదయం ఖాతాలో ఏమీ పడలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే బ్యాచ్ 20న అన్నారు. అప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసింది, "ఏటి బాబూ, నెల మధ్యన అన్నారు, పదిహేను దాటిపోనాది, చెక్కు ఇయ్యాల బ్యాంకులో ఎయ్యేస్తారు" అని.

చెక్కు బౌన్స్ కాకుండా ఆపగలిగాం, రీళ్ళ వ్యాపారికి ముందే ఫోన్ చేసి మూడు రోజులు ఆగమని అడిగితే ఆయన ఆగారు. కాకపోతే తర్వాత లోడు మాత్రం క్యాష్ ఇస్తేనే దింపుతానన్నారు. 93,000 ఆగస్టు 20 బుధవారం వచ్చింది. అయిదు రోజుల ఆలస్యానికి వడ్డీ లెక్కేస్తే పెద్ద మొత్తం రాదు, అసలు నష్టం రీళ్ళ మీద ఉన్న అరువు పోవడం.

రెండో దెబ్బ నెలాఖరుకి. ఆగస్టు 31 ఆదివారం కాబట్టి 30 శనివారమే ఆవిడ అడిగింది. అకౌంటెంట్ గారు సిస్టమ్‌లో చూసి "మీ బ్యాలెన్స్ డ్యూ డేట్ సెప్టెంబర్ 30 చూపిస్తోందమ్మా" అన్నారు. ఆవిడకి ఇది పచ్చి మోసంలా అనిపించింది, అలా అనిపించడం సహజమే. ఆయన్ని కలవడానికి నేనూ పలాస వెళ్ళా.

వెళ్ళాక తెలిసింది ఏంటంటే ఆయన దగ్గర ప్రతిదానికీ కారణం ఉంది. ముందు మిడ్ మంత్ సంగతి. ఆ ఫ్యాక్టరీ ఆఫ్రికా దేశాల నుంచి కూడా జీడి పిక్కలు తెప్పిస్తుంది, దానికి బ్యాంకులో ఎల్సీలు, అంటే అమ్మేవాళ్ళకి డబ్బు ముడుతుందని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు, తెరుస్తారు, ఆ కాగితాలన్నీ ఈయనే చూస్తారు. ఎల్సీలకి వర్తించే రూల్స్ యూసీపీ 600 అని ఉంటాయి, అంతర్జాతీయ వాణిజ్య మండలివి, 2007 జులై 1 నుంచి నడుస్తున్నాయి. వాటిలో 3వ ఆర్టికల్‌లో స్పష్టంగా రాసి ఉంది, నెల మొదలు అంటే 1 నుంచి 10, మధ్య అంటే 11 నుంచి 20, ఆఖరు అంటే 21 నుంచి నెల చివరి రోజు వరకు, ఆ తారీకులన్నీ కలుపుకునే. అందుకని ఆయన దృష్టిలో 20న ఇవ్వడం లేటే కాదు, మిడ్ మంత్ లోపలే. "మేం రూల్ ప్రకారమే ఇచ్చాం కదండీ" అన్నారు, నిజాయితీగానే.

ఆ రూల్ నిజమే, కానీ అది ఎల్సీలకి, అదీ ఈ ఎల్సీకి యూసీపీ వర్తిస్తుంది అని దానిలో రాసుకున్నప్పుడు. పలాసలో అట్టపెట్టెల పీఓకి అది తనంతట తాను వచ్చి అతుక్కోదు. అలాగని ఆవిడ అనుకున్న 15కి మన దగ్గర చట్టం బలం ఉందా అంటే అదీ లేదు. జర్మనీ సివిల్ కోడ్‌లో 192వ సెక్షన్ నెల మధ్య అంటే 15, ఆఖరు అంటే చివరి రోజు అని తేల్చి చెప్తుంది, మన పీఓల్లో ఈ మాటలకి అలాంటి ఆధారం ఏమీ లేదు. రెండు రూల్ పుస్తకాలు తీస్తే రెండు జవాబులు వస్తాయి కాబట్టి, ఇద్దరిలో ఎవరిది కరెక్ట్ అని కూర్చుని వాదించడం దండగ.

ఇక సెప్టెంబర్ 30 ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఈ సప్లయర్ వివరాలు ఉండే మాస్టర్‌లో టర్మ్ "30 డేస్ ఈఓఎం" అని పెట్టి ఉంది. ఈఓఎం అంటే ఎండ్ ఆఫ్ మంత్, కానీ దాని పని నెలాఖరుకి డబ్బు ఇవ్వమని చెప్పడం కాదు. బిల్లు ఆ నెలలో ఏ రోజున పడినా సరే, ఆ నెల ముగిశాక అక్కడి నుంచి 30 రోజులు లెక్కపెట్టు అని. పైగా నెల అనేది బిల్లు తారీకుని బట్టి కాదు, స్టోర్‌లో సరుకు లెక్క చూసి జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు రసీదు, వేసిన తారీకుని బట్టి. వీళ్ళ స్టోర్ కీపర్ జీఆర్‌ఎన్ వేసింది ఆగస్టు 2న. కాబట్టి ఇది ఆగస్టు బిల్లు అయిపోయింది, ఆగస్టు 31కి నెల ముగిసింది, ఇంకో 30 రోజులు, సెప్టెంబర్ 30. అదే స్టోర్ కీపర్ జులై 30న జీఆర్‌ఎన్ వేసుంటే డ్యూ డేట్ ఆగస్టు 30 వచ్చేది. మూడు రోజుల ఎంట్రీ తేడా నెల రోజుల పేమెంట్ తేడాగా మారింది, ఆ స్టోర్ కీపర్‌కి ఈ విషయమే తెలీదు.

నా అనుభవంలో నెలాఖరు గొడవల్లో ఎక్కువ భాగం ఇదే, ఏ రోజు అన్నదాని కంటే ఏ నెల అన్నదే పెద్ద లొసుగు. రోజు దగ్గర తేడా వస్తే నాలుగైదు రోజులు, మహా అయితే పది. నెల దగ్గర తేడా వస్తే ఒకేసారి ముప్పై. బిల్లు నెల చివరి వారంలో పడితే ఈ ప్రమాదం బాగా ఎక్కువ, ఎందుకంటే గేటు దగ్గర ఒక తారీకు, స్టోర్‌లో ఒకటి, అకౌంట్స్‌లో ఒకటి, వాటి మధ్యలో నెల మారిపోతుంది. అందుకే 26, 27 తర్వాత సరుకు పంపుతుంటే జీఆర్‌ఎన్ కాపీ అదే రోజు తెచ్చుకోమని మా వాళ్ళకి గట్టిగా చెప్తుంటా.

ఇంకోటి "లోపు" దగ్గర ఉంది. 31 లోపు అంటే 31 కలిపా, 30తో అయిపోయిందా? ఆ రోజు వాళ్ళు పంపితే చాలా, మన ఖాతాలో పడాలా? ఆ రోజు సెలవైతే ముందు రోజా, మర్నాడా? నెఫ్ట్ 2019 డిసెంబర్ 16 నుంచి రోజంతా, సెలవుల్లో కూడా నడుస్తోంది, కాబట్టి ఆదివారమైనా డబ్బు పంపడానికి అడ్డేమీ లేదు, కాకపోతే అప్రూవ్ చెయ్యాల్సిన ఓనర్ గారు ఊళ్ళో ఉండాలి, ఆఫీసు తీసి ఉండాలి. చెక్కు అయితే బ్యాంకు పనిదినాలే లెక్క. సెలవైతే మర్నాడు ఇవ్వొచ్చు అని అందరూ చాలా ధీమాగా చెప్తారు గానీ, ప్రామిసరీ నోటుకి, బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ అనే వ్యాపార హుండీకి రూల్ తిరగేసి ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం గడువు రోజు పబ్లిక్ హాలిడే అయితే అంతకు ముందు పనిదినానికే డ్యూ అయినట్టు. మామూలు పీఓకి ఈ సెక్షన్ పట్టదు, అందుకే ముందా తర్వాతా అన్నది మనమే రాసుకోవాలి.

సరే, మిగతా 93,000 సంగతి. ఇక్కడ మాకు పనికొచ్చింది చిన్న యూనిట్ల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006ది. యూనిట్ తయారీ యూనిట్, మైక్రో కింద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే ఉంది, ఆ నంబర్ బిల్లు మీద ప్రింట్ అయి ఉంది. చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్న తారీకు నాటికి డబ్బు ఇచ్చెయ్యాలి, ఆ ఒప్పుకున్న గడువు కూడా సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. సరుకు దిగిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దిగిన రోజే అంగీకరించినట్టు. అంటే జీఆర్‌ఎన్ ఎప్పుడు వేసుకున్నారన్నది దీనికి అనవసరం, మన రోజు జులై 28. ఆ రోజు వదిలేసి 29ని ఒకటిగా లెక్కపెడితే జులైలో 3, ఆగస్టు పూర్తయ్యేసరికి 34, 45వ రోజు సెప్టెంబర్ 11 గురువారం. సిస్టమ్ చూపిస్తున్న సెప్టెంబర్ 30 దానికి 19 రోజులు అవతల ఉంది.

ఇంకో మెలిక కూడా ఉంది, అసలు ఒప్పందమే లేకపోతే 15 రోజులే గడువు. "మంత్ ఎండ్ లోపు" అన్నది రాతపూర్వకంగా ఒప్పుకున్న తారీకు అవుతుందా అంటే వాదించుకోవచ్చు, ఏ నెలో కూడా లేని మాటని తారీకు అని కొనేవాళ్ళు నిలబెట్టుకోవడం కష్టం. అంటే ఈ అస్పష్టత సప్లయర్‌కే నష్టం అనుకోవడానికి లేదు, కొనేవాళ్ళ మెడకి కూడా చుట్టుకుంటుంది. ఆలస్యమైతే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. నేను ఆ వడ్డీ మాట బెదిరింపుగా వాడలేదు, లెక్క మాత్రం కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టా. ఆయన లెక్క తెలిసిన మనిషి, రెండు నిమిషాలు చూసి సెప్టెంబర్ 10 బ్యాచ్‌లో పెడతానన్నారు, 10వ తారీకు బుధవారం పడింది కూడా.

ఆ మాటల్లోనే అసలు పనికొచ్చే సంగతి బయటికొచ్చింది. ఆ ఫ్యాక్టరీలో ఓనర్ గారు బ్యాంకు అప్రూవల్ ఇచ్చేది నెలలో మూడుసార్లే, 10న, 20న, చివరి పనిదినాన. మనం పీఓలో 15 అని ఎంత గట్టిగా రాసుకున్నా ఆ రోజు డబ్బు కదిలే మార్గం వాళ్ళ దగ్గర లేదు. తారీకు అడిగే ముందు మీ దగ్గర పేమెంట్లు ఏ ఏ తారీకుల్లో వెళ్తాయండీ అని అడగాలి, ఈ ప్రశ్నకి ఎవరూ దాచకుండా జవాబు చెప్తారు. మనం కోరుకునే తారీకు వాళ్ళ బ్యాచ్ మీద పడేలా చూసుకుంటే సగం గొడవ ఉండదు.

తర్వాత ఆర్డర్ సెప్టెంబర్ 4న వచ్చింది. పీఓ రాసేటప్పుడు సరుకు ఏ రోజు దిగుతుందో తెలీదు కదా, మరి తారీకు ఎలా రాస్తాం అని ఆవిడ అడిగింది, సరైన ప్రశ్న. అందుకని రెండు చోట్ల రాశాం. పీఓలో రూలు, బిల్లులో ఆ రూలు ప్రకారం వచ్చిన అసలు తారీకులు. పీఓలో పెట్టిన మాటలు ఇవి:

"బిల్లు తారీకు నెలలో 1 నుంచి 15 మధ్య ఉంటే సగం అదే నెల 20వ తారీకున, మిగతా సగం తర్వాతి నెల 10వ తారీకున. బిల్లు తారీకు 16 నుంచి నెల చివరి రోజు మధ్య ఉంటే సగం తర్వాతి నెల 10న, మిగతా సగం తర్వాతి నెల 20న. ఆ రోజుతో సహా, ఆ రోజు ముగిసేలోగా సప్లయర్ ఖాతాలో జమ అయి ఉండాలి. ఆ తారీకు ఆదివారం గానీ బ్యాంకు సెలవు గానీ అయితే ముందు పనిదినం. జీఆర్‌ఎన్ తారీకుకీ ఈ గడువుకీ సంబంధం లేదు. బిల్లు తారీకుకీ సరుకు దిగిన తారీకుకీ తేడా ఉంటే సరుకు దిగిన తారీకే లెక్క."

ఎటు చూసినా 45 రోజులు దాటకుండా చూసుకున్నాం. బిల్లు 1వ తారీకు పడితే రెండో విడత తర్వాతి నెల 10, అంటే 31 రోజుల నెల అయినా 40 రోజులు. 16న పడితే మహా అయితే 35.

అకౌంటెంట్ గారు ఒక చోట మాత్రం పట్టుబట్టారు, 20 ముందు "సుమారు" అని పెట్టమన్నారు, ఓనర్ గారు ఒక్కోసారి ఊళ్ళో ఉండరు అని. నేను ఒప్పుకోలేదు. ఆయన వాడే యూసీపీలోనే "సుమారు ఫలానా తారీకున" అంటే అటు అయిదు, ఇటు అయిదు క్యాలెండర్ రోజులు, రెండు చివరలూ కలిపి. అంటే సుమారు 20 అంటే 15 నుంచి 25. సెలవు రోజుకి ముందు పనిదినం అని పెట్టుకున్నట్టే, ఓనర్ గారు ఊళ్ళో ఉండకపోతే ముందే అప్రూవ్ చేసి వెళ్ళొచ్చు అని చెప్తే సరేనన్నారు.

సరుకు సెప్టెంబర్ 12 శుక్రవారం దిగింది, బిల్లు 1,42,000. బిల్లు కింద ఆవిడ ఇలా రాసింది: "రూ. 71,000 – 20 సెప్టెంబర్ 2025, శనివారం. రూ. 71,000 – 10 అక్టోబర్ 2025, శుక్రవారం." వారం పేరు రాయమన్నది నేనే. తారీకు తప్పు పడితే వారంతో పొసగదు, అక్కడే పట్టేసుకోవచ్చు, పైగా ఆదివారం అయితే రాసేటప్పుడే కళ్ళకి కనిపిస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాయడం కూడా ముఖ్యం, 10-10 అయితే పర్లేదు గానీ 05-09 అని అంకెల్లో రాస్తే ఒకరికి సెప్టెంబర్ 5, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ తేడాగా ఉంటే ఇంకొకరికి మే 9. ఈసారి పాత లైనే ఉండి ఉంటే ఆ "మంత్ ఎండ్" సెప్టెంబర్ 30 మంగళవారం, దసరా సెలవుల మధ్యలో పడేది.

ఆవిడ ఎక్సెల్‌లో బిల్లులు రాసుకుంటుంది కాబట్టి రెండు తారీకులూ వాటంతట అవే వచ్చేలా పెట్టి ఇచ్చా. బిల్లు తారీకు `A2`లో, మొదటి విడత `B2`లో, రెండోది `C2`లో.

```
=WORKDAY.INTL(IF(DAY(A2)<=15,EOMONTH(A2,-1)+20,EOMONTH(A2,0)+10)+1,-1,11,$H$2:$H$40)
=WORKDAY.INTL(IF(DAY(A2)<=15,EOMONTH(A2,0)+10,EOMONTH(A2,0)+20)+1,-1,11,$H$2:$H$40)
```

ఇందులో `EOMONTH` నెల చివరి రోజు ఇస్తుంది, దానికి 20 కలిపితే తర్వాతి నెల 20. బయటి `WORKDAY.INTL` ఆ తారీకు సెలవైతే ముందు పనిదినానికి జరుపుతుంది, 11 అంటే ఆదివారం ఒక్కటే వారాంతం అని. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకుకి సెలవు కదా, అవీ పండగ సెలవులూ `H` కాలమ్‌లో ఏడాది మొదట్లోనే ఎక్కించుకోవాలి, అది మర్చిపోతే ఫార్ములా తప్పు తారీకే నమ్మకంగా చూపిస్తుంది. ట్యాలీ వాడేవాళ్ళకి బిల్ వైజ్ వివరాల్లో డ్యూ డేట్ దగ్గర రోజులైనా ఇవ్వొచ్చు, నేరుగా తారీకైనా ఇవ్వొచ్చు. తారీకే ఇవ్వండి.

విజయనగరంలో నా ఇంకో క్లయింట్‌కి టర్మ్ "సిరిమాను అయ్యాక" అని ఉండేది, నోటి మాటే. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, ఏటా మారుతుంది, సరే అది కనీసం పంచాంగంలో దొరుకుతుంది. అసలు చిక్కు "అయ్యాక" దగ్గర, మర్నాడా, దీపావళి ముందా అన్నది ఎవరూ చెప్పరు. అక్కడ కూడా మందు ఇదే, మాట మాటగా ఉండనిచ్చి పక్కన తారీకు రాసుకోవడం. నోటి ఒప్పందమైతే అదే రోజు వాట్సాప్‌లో "మీరు చెప్పినట్టు ఫలానా తారీకు, ఫలానా వారం, ఇంత అమౌంట్ ఖాతాలో వేస్తారు, తేడా ఉంటే చెప్పండి" అని పంపి పెట్టుకోమంటా.

తారీకు రాస్తే డబ్బు లేనివాడు ఇచ్చేస్తాడని కాదు. ఫ్యాక్టరీ దగ్గర నిజంగా డబ్బు ఆడకపోతే 20 రాసినా 10 రాసినా ఆగిపోతుంది. కాకపోతే ఆలస్యం ఏ రోజు మొదలైందో తేలిపోతుంది, 21 పొద్దున్నే ఫోన్ చెయ్యడానికి మొహమాటం ఉండదు. ఈ కేసులో రెండు విడతలూ తారీకు లోపే పడ్డాయి. ఆవిడ ఇప్పుడు రీళ్ళ వ్యాపారికి ఇచ్చే చెక్కు మీద తనకి రావాల్సిన తారీకు తర్వాత ఇంకో రెండు మూడు పనిదినాలు వదిలి తారీకు వేస్తోంది, ఆయన కూడా మళ్ళీ అరువు మొదలుపెట్టారు.

ఒకటి మాత్రం ఇంకా అలాగే ఉంది. ఆ ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌లో మార్చింది ఈ ఒక్క సప్లయర్ మాస్టర్‌నే, మిగతా సప్లయర్ల మీద "30 డేస్ ఈఓఎం" అలాగే నడుస్తోంది, వాళ్ళ పీఓల మీద మాత్రం మంత్ ఎండ్ అనే ప్రింట్ అవుతోంది. మీరు ఇలాంటి చోటికి సరుకు వేస్తుంటే బిల్లు ఇచ్చిన వారంలోనే అకౌంట్స్‌కి ఫోన్ చేసి, మా బిల్లుకి మీ సిస్టమ్‌లో డ్యూ డేట్ ఎంత చూపిస్తోందండీ అని అడగండి, చెప్పిన తారీకు మీ బిల్లు మీద తారీకుతో కలవకపోతే అప్పుడే మార్పించుకోండి, ఎంట్రీ కొత్తగా ఉన్నప్పుడు వాళ్ళకీ అది అయిదు నిమిషాల పని.